పారిస్‌లో దిగి, రోమ్‌లో ఎక్కి

శ్రోతలకు నమస్కారం.

పోయిన ఏడాది మా అక్కా బావా యూరప్ ప్రయాణం పెట్టుకున్నారు. ముందు పారిస్, తర్వాత స్విట్జర్లాండ్‌లో లూసర్న్, చివర రోమ్. బావ హైదరాబాద్ నుంచి పారిస్‌కు రానుపోను టికెట్ చూసి ఉంచి, కొనేముందు నాకు ఫోన్ చేశాడు.

"బావా, రోమ్ చూశాక మళ్లీ పారిస్‌కు ఎందుకు?" అన్నాను.

"విమానం అక్కడే ఎక్కాలి కదరా!"

అక్కర్లేదండీ. పారిస్‌లో దిగి రోమ్‌లో ఎక్కవచ్చు. దీన్నే ఓపెన్ జా టికెట్ అంటారు, అంటే తెరిచిన దవడ. మ్యాప్ మీద గీస్తే ఆ రెండు ఊళ్ల మధ్య నోరు తెరిచినట్టు ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీని మనం రైల్లో దాటుతాం. పారిస్ నుంచి జూరిక్‌కు సుమారు నాలుగు గంటలు, అక్కడి నుంచి లూసర్న్ గంటలోపే. లూసర్న్ నుంచి మిలాన్‌కు మూడు గంటల పైచిలుకు, మిలాన్ నుంచి రోమ్‌కు మరో మూడు. దారంతా ముందుకే, వెనక్కి రావడం లేదు. రోమ్ నుంచి పారిస్‌కు రైల్లో తిరిగి రావాలంటే దాదాపు పగలంతా పోతుంది, పైగా అక్కడ ఇంకో రాత్రి హోటల్ ఖర్చు.

అయితే రెండు వన్‌వే టికెట్లు విడివిడిగా కొనకండి. పెద్ద విమాన సంస్థల్లో దూరప్రయాణానికి వన్‌వే ధర చాలాసార్లు రానుపోను ధరలో సగం కంటే బాగా ఎక్కువ ఉంటుంది. ఓపెన్ జా ధరను మాత్రం సాధారణంగా రెండు రానుపోను టికెట్ల సగాలు కలిపి కడతారు. అందుకే సైట్‌లో `Multi-city` నొక్కండి. మొదటి వరుసలో హైదరాబాద్ నుంచి పారిస్, రెండో వరుసలో రోమ్ నుంచి హైదరాబాద్. అంతే, రెండే వరుసలు. డబ్బు కట్టేముందు రెండూ ఒకే టికెట్‌గా ఇస్తున్నారో లేదో చూసుకోండి. కొన్ని సైట్లు రెండు వేరు టికెట్లు అతికించి చూపిస్తాయి. చవక విమాన సంస్థలు ఎలాగూ వన్‌వే లెక్కనే అమ్ముతాయి కాబట్టి, అక్కడ ఈ పద్ధతితో పెద్దగా కలిసొచ్చేదేమీ ఉండదు.

ఒక్కటి మాత్రం మరీ మరీ చెబుతున్నాను. ఒకే టికెట్‌లో మొదటి విమానం ఎక్కకపోతే, తిరుగు విమానం కూడా మామూలుగా రద్దయిపోతుంది. మొదటిది వదిలేసి రోమ్‌లో ఎక్కేద్దాం అంటే కుదరదు. ప్లాన్ మారితే ముందే సంస్థకు చెప్పి టికెట్ మార్పించుకోవాలి.

ఇక వీసా. బావ వాళ్లకు పారిస్‌లో నాలుగు రాత్రులు, లూసర్న్‌లో రెండు, రోమ్‌లో నాలుగు. ఈ మూడు దేశాలకూ కలిపి షెంగెన్ వీసా అని ఒకటే ఉంటుంది, దానికి ఎక్కువ రోజులు ఉండే దేశానికి దరఖాస్తు చేయాలి. ఫ్రాన్స్, ఇటలీ సమానం కాబట్టి ముందు అడుగుపెట్టే దేశం చూస్తారు. వాళ్ల విమానం దోహా మీదుగా నేరుగా పారిస్‌కు, అంటే ఫ్రాన్స్. ఇంతలో అక్క రోమ్‌లో ఇంకో రాత్రి ఉందామంది. దాంతో దరఖాస్తు ఇటలీకి మారింది! అందుకే రాత్రుల లెక్క తేలాకే వీసా అపాయింట్‌మెంట్ తీసుకోండి.