"రాలేదు" అని ఒక్క మాట మెసేజ్ వస్తే

అందరికీ నమస్కారం. ఈ రోజు నేను మాట్లాడేది ఒక్క మాట గురించి, నిజంగానే ఒకే ఒక్క మాట, "రాలేదు". ఫోన్‌లో మెసేజ్ వచ్చిన చప్పుడు వినిపిస్తుంది, తీసి చూస్తే "రాలేదు" అని ఉంటుంది, ముందు పేరు లేదు వెనక వివరం లేదు. నేను ఆన్‌లైన్ క్లాసులు నడిపే చోట, చేరినవాళ్ళ సందేహాలకి జవాబులిచ్చే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను, ఈ మాట నాకు రోజూ కనబడుతుంది. దీనికి మర్యాదగా, చిన్నగా, సరిగ్గా మూడంటే మూడు విషయాలు అడిగే ఒక జవాబు ముందే రాసి పెట్టుకుంటే ఎంత పని తేలికవుతుందో చెప్దామని వచ్చాను.

ముందు ఆ మాట సంగతి చూడండి. మన తెలుగులో "రాలేదు" అన్నది పూర్తి వాక్యం, ఎవరూ తప్పు పట్టలేరు. కానీ అందులో కర్త ఎవరో అస్సలు కనబడదు. వచ్చాను, వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వీటిలో చివర చూస్తే ఎవరో తెలిసిపోతుంది. రాలేదు అంటే మాత్రం నేను రాలేదు, మీరు రాలేదు, ఆయన రాలేదు, డబ్బులు రాలేదు, లింక్ రాలేదు, అన్నిటికీ అదే రూపం. రాసినవాళ్ళకి తమ బాధేంటో తెలుసు కాబట్టి వాళ్ళకది నిండుగానే అనిపిస్తుంది, చదివేవాళ్ళకే సగం కనబడదు. అందుకే అలా పంపినవాళ్ళ మీద విసుక్కోవడం నాకు ఇష్టం ఉండదు, వాళ్ళు తప్పేం రాయలేదు.

ఇప్పుడు ఒక పెద్దాయన సంగతి చెప్తాను. రాత్రి క్లాసుకి ఇంకో అరగంట ఉందనగా ఆయన దగ్గర్నుంచి మెసేజ్, "రాలేదు". నేను గబగబా "ఓటీపీ రాలేదా అండీ?" అన్నాను. "కాదు" అన్నారు. "రసీదా?" అన్నాను. "కాదమ్మా". "క్లాసు లింకా?" అంటే "అవును" అన్నారు, హమ్మయ్య అనుకుని లింక్ మళ్ళీ పంపించాను. రెండు నిమిషాలాగి మళ్ళీ "రాలేదు". మళ్ళీ పంపించాను. మళ్ళీ "రాలేదు". స్పామ్‌లో చూడండి అన్నాను, స్పామ్ అంటే ఏంటమ్మా అన్నారు, అది వివరించడానికి ఇంకో మూడు మెసేజ్‌లు, ఈలోగా క్లాసు మొదలైపోయింది. చివరికి ఫోన్ చేస్తే తెలిసింది, మేం లింక్ పంపేది మెయిల్‌కి, ఆయన చూస్తూ కూర్చున్నది ఎస్సెమ్మెస్‌లలో. లింక్ మొదటిసారే వెళ్ళింది, మెయిల్‌లో భద్రంగా ఉంది, మూడుసార్లూ ఉంది. ఆయన క్లాసు మొదటి ఇరవై నిమిషాలు పోయింది, అది నాకు ఇప్పటికీ బాధే, ఎందుకంటే "ఎక్కడికి వస్తుందని చూస్తున్నారండీ" అన్న ఒక్క ప్రశ్న నేను ముందే అడిగుంటే పోయేది కాదు.

ఆ రాత్రి కూర్చుని నేనడిగినవన్నీ మళ్ళీ చదువుకున్నాను. నేను అడిగింది ప్రశ్నలు కాదు, ఊహలు. ఓటీపీయా, రసీదా, లింకా, ఇలా "ఆ"తో ముగిసే ప్రశ్నకి జవాబు అవును, కాదు, అంతే, మళ్ళీ ఒక్క మాటే, మళ్ళీ నేనే ఇంకోటి ఊహించాలి. అప్పుడు రాసుకున్న మూడు మాటలు ఇవి: ఏది, ఎప్పటినుంచి, ఎక్కడికి. మళ్ళీ చెప్తున్నా, ఏది, ఎప్పటినుంచి, ఎక్కడికి. నా జవాబు మొత్తం చదువుతాను వినండి.

"నమస్కారం అండి, మీ మెసేజ్ చూశాను. వెంటనే వెతకడానికి ఈ మూడూ చెప్పండి. ఒకటి, రాలేదన్నది ఏది? రెండు, ఎప్పటినుంచి చూస్తున్నారు? మూడు, ఎక్కడికి రావాలి? ఒక్కో మాటలో చెప్పినా చాలు. ఓటీపీ, పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ పంపకండి, నాక్కూడా."

అంతే, ఇంకేం లేదు. ఇందులో నాకు బాగా ఇష్టమైన వాక్యం "ఒక్కో మాటలో చెప్పినా చాలు". ఒక్క మాట పంపినవాళ్ళు మూడు మాటలు పంపగలరు, మూడు పేరాలు పంపమంటే ఫోన్ పక్కన పెట్టేస్తారు. కాబట్టి ప్రతి ప్రశ్నకీ ఒక్క మాటలో జవాబు ఉండాలి. ఏది అంటే లింక్. ఎప్పటినుంచి అంటే పొద్దుట్నుంచి. ఎక్కడికి అంటే మెయిల్‌కి. అదే "అసలేం జరిగిందో వివరంగా చెప్పండి" అని అడిగి చూడండి, చాలాసార్లు వచ్చే వివరం మళ్ళీ "రాలేదు" అనే.

ముందర అంకెలు వేయడం కూడా ఊరికే కాదు. ఒకటి రెండు మూడు అని ఉంటే వాళ్ళూ అలాగే ఒకటి రెండు మూడు అని తిరిగి పంపిస్తారు, ఏది వదిలేశారో చూడగానే తెలుస్తుంది. అంకెలు లేకుండా ఒకే వాక్యంలో కలిపేస్తే ఏదో ఒకదానికి జవాబిచ్చి మిగతావి మర్చిపోతారు, నేను చూసినంతలో ఎక్కువమంది ఆఖరిదానికే ఇస్తారు.

ఇక్కడ మనం తెలియకుండా చేసే పొరపాటు ఒకటుంది, మూడు అని చెప్పి ఐదు అడగడం. "ఏ నంబర్‌కి, ఎప్పుడు, ఎవరు పంపాల్సింది" అని ఒకే అంకె కింద పెట్టేసి అది ఒక ప్రశ్న అనుకుంటాం. దీన్ని పట్టుకోవడానికి నా దగ్గరో తేలికైన పద్ధతి ఉంది. మన ప్రశ్న పదాలు దాదాపు అన్నీ ఎ తోనో ఏ తోనో మొదలవుతాయి కదా, ఏది, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎలా, ఎంత. రాసుకున్న జవాబులో వాటిని వేలితో లెక్కపెట్టండి, వాటితోపాటు చేశారా, చూశారా అని "ఆ"తో ముగిసేవీ కలపండి, మూడు దాటితే ఏదో ఒకటి తీసేయాల్సిందే. ఇందాక నేను చదివినదాంట్లో ఏది, ఎప్పటినుంచి, ఎక్కడికి, మూడే ఉన్నాయి. ఎందుకు అన్న మాట లేదు, చూశారా, అది కావాలనే పెట్టలేదు. ఎందుకు రాలేదో వాళ్ళకి తెలిస్తే మనకి మెసేజ్ ఎందుకు చేస్తారు, అదీగాక "ఎందుకు చూసుకోలేదు" అని నిలదీసినట్టు వినపడుతుంది.

మర్యాద సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. అండి, చెప్పండి, ఇవి చాలు. "దయచేసి ఈ క్రింది వివరములు తెలియజేయగలరని మనవి" అని రాస్తే అది నోటీసులా ఉంటుంది, చదివేవాళ్ళు బిగుసుకుపోతారు. పేరు పెట్టి గారు అందామని ఖాళీ వదిలి సేవ్ చేసుకుంటే ఏదో ఒకరోజు ఆ ఖాళీతోనే వెళ్ళిపోతుంది, లేదా పాత పేరుతో వెళ్తుంది, అందుకే నేను పేరు తీసేశాను.

దీన్ని ప్రతిసారీ టైప్ చేయక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో క్విక్ రిప్లైస్ అని ఉంటుంది, అందులో ఒకసారి సేవ్ చేసి చిన్న పేరు పెట్టుకుంటే తర్వాత స్లాష్ కొట్టగానే వచ్చేస్తుంది. మామూలు ఎస్సెమ్మెస్ పంపేవాళ్ళు మాత్రం పొడవు చూసుకోవాలి. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 మాత్రమే. ఆ 70 కూడా మన లెక్క కాదు, గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, సున్నా ఒకటి, అన్నీ విడివిడిగా లెక్కపడతాయి. నమస్కారం అన్నది మన కంటికి నాలుగు అక్షరాలు, న, మ, స్కా, రం, ఫోన్‌కి అది ఎనిమిది. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, ఛార్జీ వేసే చోట ముక్కకింతని పడుతుంది. దానికోసం పొట్టిది ఇంకోటి రాసుకున్నాను, "నమస్తే అండి. ఏది రాలేదు? ఎప్పటినుంచి? ఎక్కడికి రావాలి? చెప్పండి." ఖాళీలతో, చుక్కలతో కలిపి 64, ఒకే ఎస్సెమ్మెస్‌లో సరిపోతుంది. ఓటీపీ గురించి చెప్పే వాక్యం ఇందులో పట్టదు, దాన్ని రెండో మెసేజ్‌గా పంపుతాను తప్ప వదిలేయను.

ఇది పనిచేసినప్పుడు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. కొన్నాళ్ళకి ఇంకొకావిడ దగ్గర్నుంచి అదే మాట, "రాలేదు". నేను జవాబు పంపాను. ఆవిడ తిరిగి పంపింది ఇలా ఉంది, ఒకటి లింకు, రెండు నిన్నట్నుంచి, మూడు అని తన మెయిల్ అడ్రస్ మొత్తం రాసింది. దాన్ని మా లిస్టులో ఉన్న అడ్రస్ పక్కన పెట్టి చూశాను, అక్షరం అక్షరం ఒకటే, చివర్లో మాత్రం ఆవిడ రాసింది gmail.com, మా లిస్టులో ఉన్నది gmail.con. చేరేటప్పుడు ఫారంలో పడిన ఒక్క అక్షరం. వెనక్కి తిరిగొచ్చిన మెయిల్ కూడా మా ఇన్‌బాక్స్‌లోనే ఉంది, ఎవరం చూడలేదు. సరిచేసి పంపాను, "వచ్చింది" అని మెసేజ్, అదీ ఒక్క మాటే. మొత్తం ఐదు మెసేజ్‌లలో అయిపోయింది. పెద్దాయనకైనా, ఈవిడకైనా అసలు కారణం బయటపెట్టింది మూడోదే, ఎక్కడికి అన్నదే. మొదటి రెండూ ఎక్కడ వెతకాలో చెప్తాయి, ఏ జాబితా, ఏ రోజు అని.

పంపకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. పైన చాట్‌లో నిన్నటి మాటలు ఉంటే ముందు అవి చదవాలి, జవాబు అక్కడే ఉండొచ్చు. ఒకమ్మాయి "రాలేదు" అని పెడితే నేను అలవాటుగా "ఏది" అని అడిగేశాను, తను "నేనే రాలేదండి క్లాసుకి, జ్వరం" అంది. పైకి జరిపి చూస్తే ముందురోజు టీచర్ "నిన్న క్లాసుకి వచ్చావా అమ్మా" అని అడిగి ఉన్నారు. నాకు చాలా కష్టంగా అనిపించింది, జ్వరంలో ఉన్న పిల్లని మూడు ప్రశ్నలు అడిగాను. అలాగే ఆ ఒక్క మాట మంట, రక్తం, కాపాడండి లాంటిదైతే టెంప్లేట్ కాదు, వెంటనే ఫోన్ చేయడమే.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. మూడు అడిగితే కొందరు రెండే చెప్తారు. అప్పుడు టెంప్లేట్ మొత్తం మళ్ళీ పంపితే తాము రాసింది ఎవరూ చదవలేదని వాళ్ళకి అనిపిస్తుంది. చెప్పిన రెండూ పలికి, మిగిలింది ఒక్కటే అడుగుతాను, "లింక్, నిన్నట్నుంచి, అర్థమైందండి. ఎక్కడికి రావాలి?" అని. నమస్కారం.