ముప్పై సెకన్లలో నీళ్ళ కొలత ఎక్కడ పెట్టాలి?
(ఆరోగ్య ప్రచార వీడియోలు తీసే యువతీయువకుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. పరిచయాలు పొద్దున్నే అయిపోయాయి కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను. ముప్పై సెకన్ల వివరణ వీడియోకి స్క్రిప్టు ఎలా రాయాలో చెప్పమన్నారు. చూసేవాళ్ళను ఆపే మొదటి మాట హుక్, దానికి జవాబుగా వచ్చే అసలు విషయం పేఆఫ్, చివర్లో ముగింపు వాక్యం, ఈ మూడింటి గురించి. చెప్తాను. కానీ దానికి ముందు నా మనసులో చాలాకాలంగా ఉన్న మాట ఒకటి ఉంది. మీ ముందు చెప్పకపోతే ఇంకెక్కడ చెప్పాలో నాకు తెలియదు.

కొన్నేళ్ళ కిందట ఒక కార్యాలయం కోసం ఓఆర్ఎస్ మీద ముప్పై సెకన్ల వీడియోకి స్క్రిప్టు రాసిచ్చాను. ప్యాకెట్ ఎన్ని నీళ్ళలో కలపాలి అన్నదే దాని సారం. అది బల్ల నుంచి బల్లకు తిరిగింది. ఒకరు మొదట్లో "ప్రేక్షకులకు నమస్కారం" చేర్చారు. ఇంకొకరు ఇద్దరు పెద్దల పేర్లు, హోదాలు చేర్చారు. మరొకరు డీహైడ్రేషన్ అంటే ఏమిటో నిర్వచనం పెట్టించారు. చివర్లో లోగో, ధన్యవాదాలు. అన్నీ కలిపితే నలభై సెకన్లు దాటింది. నిడివి తగ్గించాలి కదా, ఏం తీసేశారో తెలుసా? నీళ్ళ కొలత తీసేశారు! వీడియో ఏ మాట కోసం పుట్టిందో ఆ మాటే పోయింది.

ఆ వీడియోని ఒక అంగన్‌వాడీలో తల్లులకు చూపిస్తుంటే నేనూ అక్కడే ఉన్నాను. అయిపోయాక ఒకామెను అడిగాను, "అమ్మా, ఇప్పుడు బిడ్డకు విరేచనాలైతే ఏం చేస్తావు?" అని. "ఓఆర్ఎస్ మంచిదంట కదన్నా, పోస్తా" అంది. ఎన్ని నీళ్ళలో అంటే, పక్కనున్న స్టీలు గ్లాసు చూపించింది. టీచరమ్మ చేతిలో ఉన్నది లీటరు ప్యాకెట్. తప్పు ఆ తల్లిది కాదు. ఆమె శ్రద్ధగానే చూసింది. వీడియోలో లేనిది ఆమెకు ఎలా తెలుస్తుంది?

గ్లాసులో కలిపితే ఏమవుతుంది అని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. కొంచెం పక్కకు వెళ్తున్నాను, ఓపిక పట్టండి, ఎందుకంటే ఇది తెలియకుండా ఆ స్క్రిప్టు రాయలేం. ఓఆర్ఎస్ విరేచనాలను ఆపే మందు కాదు. ఒంట్లోంచి పోయిన నీళ్ళను, లవణాలను తిరిగి ఇస్తుంది. పేగు గోడలో గ్లూకోజ్ లోపలికి వెళ్తూ తనతో పాటు సోడియంని తీసుకెళ్తుంది, వాటి వెంట నీళ్ళు వెళ్తాయి. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఈ దారి మూసుకుపోదు. కానీ ద్రావణం చిక్కగా ఉంటే కథ తిరగబడుతుంది. ఒంట్లో ఉన్న నీళ్ళే పేగులోకి వచ్చేస్తాయి. విరేచనాలు పెరుగుతాయి, పసిపిల్లలకైతే రక్తంలో ఉప్పు పెరిగి ప్రాణం మీదికి రావొచ్చు. మరీ పలచగా కలిపితే చాలినంత ఉప్పు అందదు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి సంగతి. పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరాల్లో కలరా విజృంభించి, సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ నీళ్ళను కుళాయి ఉన్న డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువులే పట్టి తాగించేలా చేశారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు వచ్చాయి. 2022లో ఆయన కన్నుమూశాక పద్మవిభూషణ్ ప్రకటించారు. నేను చెప్పదలచుకున్నది ఇదీ: అక్కడ నీళ్ళ కొలత సిబ్బంది చూసుకున్నారు, బంధువులు తాగించారు. ఇవాళ ప్యాకెట్ ఇంట్లో చించుతున్నాం కాబట్టి కొలత తల్లి చేతిలో ఉంది. అందుకే మన ముప్పై సెకన్లలో పేఆఫ్ అంటే నీళ్ళ కొలతే. మిగతావన్నీ దాని కోసం ఉండాలి, లేదా బయటికి పోవాలి.

ఇప్పుడు రాసే పద్ధతికి వద్దాం. ముందు హుక్ రాయకండి. ముందు పేఆఫ్ రాయండి. చూసినవాళ్ళు వీడియో అయ్యాక ఏం చేయగలగాలో ఒక వాక్యంలో రాసుకోండి. ఆ తర్వాత, ఆ వాక్యం ఏ ప్రశ్నకు జవాబో ఆలోచించండి. ఆ ప్రశ్నే మీ హుక్. హుక్ అంటే చూసేవాళ్ళ దగ్గర చేసిన అప్పు. పేఆఫ్‌లో అణాపైసలతో తీర్చాలి. పొద్దున ఒక బృందం రాసిన మొదటి వాక్యం చదువుతాను, ఏమీ అనుకోకండి: "విరేచనాలను నిమిషాల్లో ఆపే రహస్యం ఇదే!" వినగానే ఎవరైనా ఆగి చూస్తారు, నిజమే. కానీ ఓఆర్ఎస్ విరేచనాలను ఆపదని ఇందాకే చెప్పుకున్నాం. అయినా ఆ మాట నమ్మిన తల్లి రెండు గంటలు పోసి, విరేచనాలు ఆగలేదని పోయడం మానేస్తుంది. అందరూ ఆగి చూసే హుక్ వల్ల బిడ్డకు నీళ్ళు అందకుండా పోతాయి.

ఇంకో బృందం "ఓఆర్ఎస్‌ని గ్లాసు నీళ్ళలో కలుపుతున్నారా? ఆపండి" అని రాసింది. ఇది చాలా మెరుగు. కానీ అందులోనూ ఒక చిక్కుంది. మందుల షాపుల్లో 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి. అవి గ్లాసులోనే కలపాలి. ఈ హుక్ విని ఎవరైనా చిన్న ప్యాకెట్‌ని లీటరులో పోస్తే? అందుకే హుక్‌లో "లీటరు ప్యాకెట్" అనాలి. ఒక్క మాట చేరిస్తే అబద్ధం కాస్తా నిజమైంది.

మాటల లెక్క కూడా చూసుకోవాలి. ముప్పై సెకన్లకు 75 మాటలు అని ఇంగ్లీషు పాఠాల్లో ఉంటుంది. తెలుగుకు ఆ లెక్క పనికిరాదు. మన మాటలు పొడుగు. "కలుపుతున్నారా" అన్నది ఒకటే మాట, ఆరు అక్షరాలు. తెలుగులో 50, మహా అయితే 55. అంతకు మించితే చదివేవాళ్ళు పరుగెత్తుతారు, వినేవాళ్ళకు ముక్క అర్థం కాదు. అంకెలు స్క్రిప్టులో అక్షరాల్లోనే రాయండి. 200 అని రాస్తే కాగితం మీద చిన్నగా కనిపిస్తుంది, "రెండు వందల" అని పలకడానికి పట్టే సమయం కనపడదు.

మనం కలిసి కుదించిన స్క్రిప్టు ఇదీ. గడియారం చూస్తూ నిదానంగా చదువుతాను.

"లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్‌ని గ్లాసు నీళ్ళలో కలుపుతున్నారా? పాపకు విరేచనాలు ఇంకా పెరగొచ్చు.

ఉప్పు, గ్లూకోజ్ చిక్కబడితే ఒంట్లో నీళ్ళను పేగులోకి లాగేస్తాయి. సరైన కొలతలో ఉంటే పేగులోంచి నీళ్ళను ఒంటికి ఎక్కిస్తాయి.

ఆ కొలత ప్యాకెట్ వెనకే ఉంది. లీటరు అని ఉంటే లీటరు నీళ్ళు. రెండు వందల మిల్లీలీటర్లు అని ఉంటే అన్నే. ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి.

ముందు నీళ్ళు కొలవండి, తర్వాతే ప్యాకెట్ చించండి."

సరిగ్గా యాభై మాటలు. హుక్ ఐదారు సెకన్లు. అందులోనూ ప్రశ్న మొదటి మూడు సెకన్లలో అయిపోవాలి, వేలు పైకి జరిపేది అప్పుడే కాబట్టి. కారణం ఎనిమిది సెకన్లకు మించకూడదు. పేఆఫ్‌కి పన్నెండు దాకా ఇవ్వండి, తొందరపడొద్దు. లీటరు, లీటరు అని చెప్పేటప్పుడు తెర మీద చెయ్యి ప్యాకెట్‌ని తిప్పి, ముద్రించిన కొలత మీద వేలు పెట్టాలి. మిగిలిన మూడు, నాలుగు సెకన్లు ముగింపువి.

ముగింపు వాక్యం దగ్గరే చాలా మంది తప్పుదారి పడుతున్నారు. "కాబట్టి ఓఆర్ఎస్ వాడండి, ఆరోగ్యంగా ఉండండి" అని ముగిస్తారు. అది విన్నాక చేతులకు చేయాల్సిన పనేమీ దొరకదు. పేఆఫ్ విషయం చెప్తుంది, ముగింపు ఆ విషయాన్ని చేతికి అందే పనిగా మార్చాలి. "ముందు నీళ్ళు కొలవండి" అనడంలో క్రమం ఉంది. ప్యాకెట్ చించాక వెతుక్కుంటే చేతికి దొరికేది గ్లాసే. నీళ్ళు ముందే కొలిచి పెట్టుకుంటే పొరపాటుకు చోటే ఉండదు. లైక్ చేయండి, షేర్ చేయండి అన్న మాటలు ఆ చివరి మూడు సెకన్లలో పెట్టకండి, దయచేసి. అవి వీడియో కింద రాసుకోవచ్చు. చివర విన్న మాటే ఎక్కువసేపు చెవిలో ఉంటుంది, ఆ చోటు నీళ్ళ కొలతకే ఇవ్వండి.

జింక్ సంగతి లేదేంటి అని ఎవరో చీటీ పంపారు. మంచి ప్రశ్న. పద్నాలుగు రోజులు జింక్ ఇవ్వాలన్నది ముఖ్యమే. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని అమ్మిన తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాటే వాడకూడదని చెప్పింది. అదీ ముఖ్యమే. కానీ అవి వేరే హుక్‌లు, వేరే పేఆఫ్‌లు. ఒక్కోదానికి ఒక్కో ముప్పై సెకన్లు ఇవ్వండి. ఇందులోకి తోస్తే కొలత మళ్ళీ బయటికి పోతుంది. ఒకసారి పోవడం నేను కళ్ళారా చూశాను.

స్క్రిప్టు కుదిరిందో లేదో తెలుసుకోవడానికి నేను చేసే పని ఒకటుంది. మధ్య భాగాన్ని చేత్తో మూసి హుక్, పేఆఫ్ మాత్రమే చదవండి. ప్రశ్న, జవాబులా అతకాలి. అతకలేదంటే రెండు వేర్వేరు వీడియోలు ఒకచోట ఇరుక్కున్నాయని అర్థం. ఆ తర్వాత, ఆ విషయం తెలియని ఒకరికి ఒక్కసారే వినిపించండి. "ఎలా ఉంది?" అని అడగొద్దు, బాగుందనే అంటారు. ఒక ప్యాకెట్, ఒక గ్లాసు, ఒక లీటరు సీసా ముందు పెట్టి, కలిపి చూపించమనండి. చెయ్యి దేని వైపు వెళ్తుందో చూడండి.

మీ పై అధికారులు పేర్లు చేర్చమంటారు, నాకు తెలుసు. గొడవ పడక్కర్లేదు. తెర కింద అంచున చిన్న అక్షరాల్లో పేర్లు వేస్తామని చెప్పండి, గొంతు మాత్రం ఇవ్వకండి. నీళ్ళ కొలత తీసేయమంటే మాత్రం ఒప్పుకోకండి. ఈ మాట మీ అందరినీ బతిమాలుతున్నాను.

భోజనాల తర్వాత బల్లల మీద రెండు రకాల ప్యాకెట్లూ, గ్లాసులూ, సీసాలూ ఉంటాయి. పొద్దున రాసిన స్క్రిప్టుల్లోంచి నమస్కారాలు తీసేసి, పేఆఫ్ కింద గీత గీసి తెచ్చుకోండి. ఒకరి స్క్రిప్టు ఇంకొకరు చదవాలి, మూడో మనిషి కలపాలి.