లైవ్‌లో నలభై దర్రీలు: పదిహేడో నంబరు ఎవరిది?

అందరికీ నమస్కారం. వరంగల్ కొత్తవాడ దర్రీలను ఫోన్‌లో లైవ్ పెట్టి అమ్మడం గురించి ఈ పూట మాట్లాడుకుందాం. ఒక్కో రకం ఒక్కటే ఉన్నప్పుడు తగాదా వచ్చేది ధర దగ్గర కాదు, ‘నేను ముందు అడిగాను’ అన్న మాట దగ్గర. కాబట్టి మొదటి నుంచి చివరి దాకా ఏర్పాటంతా దాని చుట్టూనే ఉండాలి.

మూడు రోజుల ముందే ప్రతి దర్రీకి నంబరు చీటీ కుట్టి, కొలత, ధర పుస్తకంలో రాయండి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ మీ నంబరును సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకే ముందుగా పాత కొనుగోలుదారులకు ఫోన్ చేసి ‘మా నంబరు సేవ్ చేసుకోండి’ అనండి. లైవ్ రోజు పొద్దున నాలుగైదు దర్రీల ఫోటోలు, బుకింగ్ పద్ధతి పంపితే చాలు. నలభై మొత్తం పంపితే ఆ ఫోటోల మీదే బేరాలు మొదలై, సాయంత్రానికి చూపడానికి ఏమీ మిగలదు.

లైవ్‌లో ఒక్కో దర్రీకి రెండు నిమిషాలు, మొదట పలకరింపులకు పది. మొత్తం గంటన్నర. ఎరుపు దర్రీ తెర నిండా కనపడితే ఫోన్ రంగు తనంతట తాను మార్చేస్తుంది, కొన్నవాళ్లు తర్వాత ‘రంగు వేరు’ అంటారు. పక్కన తెల్ల గుడ్డ పెట్టండి. అది తెల్లగా కనిపిస్తేనే రంగు సరిగ్గా ఉన్నట్టు.

అసలు చిక్కు ఇక్కడుంది. లైవ్ కొన్ని సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. మీరు 17 ఎత్తేసరికి చూసేవాళ్ల ఫోన్‌లో ఇంకా 16 ఉంటుంది. అప్పుడు ‘నాకు కావాలి’ అని వస్తే ఏది కావాలన్నట్టు? అందుకే దర్రీ నంబరు, తమ ఫోన్ చివరి నాలుగంకెలు రాయమనండి: ‘17 4821’. చూపించేవాళ్లు కామెంట్లు చదవకూడదు. వేరే ఫోన్‌తో ఒకరు కూర్చుని, ఆ ఫోన్‌లో కనిపించిన వరుసలోనే పుస్తకంలో ఎక్కించాలి. ఆ వరుసే ఖాయమని మొదట్లోనే రెండుసార్లు చెప్పండి.

17కు మూడు వచ్చాయనుకుందాం: ‘17 ఉందా?’, ‘17 4821’, ‘17 0936’. మొదటిది ప్రశ్న, బుకింగ్ కాదు. 4821కి ఖాయం, 0936 వరుసలో రెండో పేరు. ఇద్దరికీ అక్కడికక్కడే ఆ మాట చెప్పేయాలి. రాత్రి పది లోపు డబ్బు రాకపోతే 0936కు మెసేజ్ పెట్టి, మర్నాడు పది దాకా గడువివ్వండి. యూపీఐ స్క్రీన్‌షాట్ చూసి పార్శిల్ కట్టకండి, అది తేలిగ్గా తయారు చేయొచ్చు. మీ ఖాతాలో జమ చూసుకోండి.

పార్శిల్ కట్టేటప్పుడు చీటీ నంబరు, రెండు అంచులు కనిపించేలా చిన్న వీడియో తీసి కొన్నవాళ్లకు పంపండి. దర్రీ మారిపోయినా, అంచు చిరిగిందన్నా ఆ వీడియోనే తేల్చేస్తుంది.

దక్కనివాళ్లను మాత్రం వదలకండి. 0936 వంటివాళ్లు ఫలానా నమూనా కావాలని ఇప్పటికే చెప్పేశారు. నేసేవాళ్లను అడిగి, మగ్గం మీదకు ఎప్పుడు ఎక్కుతుందో తేదీ ఖాయమయ్యాకే వాళ్లకు కబురు పెట్టండి.