రోజూ కొంచెం కొంటే నిజంగా మిగులుతుందా? (స్టూడియో చర్చ)

యాంకర్: నమస్కారం. గోడౌన్లో సరుకు పేర్చుకోకుండా ఏ రోజుకు కావాల్సింది ఆ రోజే తెప్పించుకోవడం, అదే జస్ట్ ఇన్ టైమ్, ఈ మధ్య చిన్న ఫ్యాక్టరీల వాళ్లూ మొదలుపెడుతున్నారు. మేడమ్, మీరు కాస్ట్ అకౌంటెంట్ కదా, లెక్క మీతోనే మొదలుపెడదాం.

కాస్ట్ అకౌంటెంట్: ఒక ఉదాహరణ అనుకుందామండి. మోటార్లు చేసే యూనిట్. ఏడాదికి 12,000 బేరింగులు కావాలి. ఒక్కోటి ఏడాది పొడుగునా షెల్ఫ్ మీద ఉంటే వడ్డీ, జాగా, తుప్పు, అన్నీ కలిపి 100 రూపాయలు. ఒక ఆర్డర్ పెట్టడానికి లారీ, దించుకోవడం, ఇన్‌స్పెక్షన్, బిల్లు ఎంట్రీ కలిపి 1,500. ఆర్డర్ ఖర్చు, నిల్వ ఖర్చు రెండూ కలిపి అన్నిటికంటే తక్కువయ్యే పరిమాణం చెప్పే సూత్రం ఒకటుంది, దాని ప్రకారం ఒకసారికి 600 తెప్పించుకోవాలి. ఏడాదికి 20 ఆర్డర్లు, ఆర్డర్ ఖర్చు 30,000. తెచ్చిన 600లో సగటున సగమే షెల్ఫ్ మీద ఉంటాయి కాబట్టి నిల్వ ఖర్చూ 30,000. అంటే బేరింగు మీద 5 రూపాయలు.

యాంకర్: మరి రోజువారీ తెప్పిస్తే?

కాస్ట్ అకౌంటెంట్: 300 పనిరోజులు, రోజుకు 40. నిల్వ ఖర్చు 30,000 నుంచి 2,000కి పడిపోతుంది, అందరూ చూసి మురిసిపోయేది ఇక్కడే. కానీ 300 ఆర్డర్లంటే నాలుగున్నర లక్షలు! బేరింగు మీద 37 రూపాయలు దాటింది.

పర్చేజ్ మేనేజర్: మేడమ్, మీరు ఆ 1,500ని కదలకుండా పెట్టి లెక్క వేశారు. ఎవరూ అలా చేయరు కదా. ఏడాదికి ఒకే రేట్ కాంట్రాక్ట్, ఒక్క పర్చేజ్ ఆర్డర్, రోజూ కొత్తది రాయడం ఉండదు, ఖాళీ ట్రే వెనక్కి వెళ్తే అదే ఆర్డర్. ఒకే బండి నలుగురు సప్లయర్ల దగ్గర ఆగి సరుకు ఎక్కించుకుని వస్తుంది, ఇన్‌స్పెక్షన్ సప్లయర్ దగ్గరే అయిపోతుంది.

కాస్ట్ అకౌంటెంట్: ఒప్పుకుంటాను, అసలు కిటుకు అదే. కానీ అదే సూత్రాన్ని తిరగేసి చూడండి, రోజుకు 40 లాభసాటి కావాలంటే ఆర్డర్ ఖర్చు దాదాపు 7 రూపాయలకు దిగాలి. 1,500 నుంచి 7కి! దించగలిగారా లేదా అని చూసుకోకుండా ముందు గోడౌన్ ఖాళీ చేసేస్తారు, అక్కడే మునుగుతారు.

సప్లయర్: నేనో మాట అంటాను సార్, కోపం తెచ్చుకోవద్దు. మీ ఖర్చు తగ్గింది, నిజమే. మీ గోడౌన్లో ఉండాల్సిన సరుకు ఇప్పుడు నా షెడ్డులో ఉంది. మీ ఆర్డర్ ఆలస్యమైతే పెనాల్టీ అంటారని నేను పది రోజుల సరుకు రెడీగా పెట్టుకుంటున్నా. ఆ వడ్డీ ఎవరు కడతారు? వచ్చే ఏడాది రేట్లో మీరే కడతారు.

పర్చేజ్ మేనేజర్: (నవ్వుతూ) అందుకేనా పోయినసారి రేటు పెంచారు!

యాంకర్: సరుకు రాకపోతే పరిస్థితేంటి?

కాస్ట్ అకౌంటెంట్: ఈ ఖర్చు చాలామంది పుస్తకాల్లో కనపడదు. లైన్ ఒక రోజు ఆగితే లక్షా 20 వేలు నష్టం అనుకోండి. ఏడాదికి ఒక్కసారే ఆగినా బేరింగుకు 10 రూపాయలు పడినట్టు. 7 రూపాయల ఆర్డర్ ఖర్చుతో నిల్వ, ఆర్డర్ కలిపి బేరింగుకు 34 పైసలకే దించారనుకోండి, ఈ ఒక్క రోజుతో 10 దాటి పాత 5 రూపాయల పద్ధతే నయమనిపిస్తుంది. అదే మూడు రోజుల సరుకు, అంటే 120 బేరింగులు, పక్కన పెట్టుకుంటే అయ్యే ఖర్చు బేరింగుకు రూపాయి.

పర్చేజ్ మేనేజర్: టొయోటాకే తప్పలేదండీ. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో కరియాలోని ఐసిన్ ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. బ్రేకుల్లో వాడే చిన్న వాల్వు, టొయోటాకు దాదాపు అన్నీ అక్కడి నుంచే. నిల్వ చాలా తక్కువ. రెండు మూడు రోజుల్లో కార్ల తయారీ దాదాపు ఆగిపోయింది.

యాంకర్: ఎన్నాళ్లు?

పర్చేజ్ మేనేజర్: వారం తిరగకముందే మళ్లీ మొదలైంది. చుట్టుపక్కల సప్లయర్లంతా డ్రాయింగులు తీసుకుని తమ మెషిన్ల మీదే వాల్వులు చేసిచ్చారు, కుట్టుమెషిన్లు చేసే బ్రదర్ కంపెనీ కూడా. ఏళ్ల తరబడి సప్లయర్లను దగ్గరగా ఉంచుకున్నారు కాబట్టి ఆ సాయం దొరికింది. బాకీలు ఆరు నెలలు తొక్కిపెట్టే మనవాళ్లకు ఎవరొస్తారు?

సప్లయర్: ఆ మాట మీరే అన్నారు, నేను అనలేదు.

యాంకర్: మరి ఏ సరుకు రోజూ తెప్పించాలి, ఏది నిల్వ పెట్టాలి?

కాస్ట్ అకౌంటెంట్: అట్టపెట్టెలు రోజూ తెప్పించండి, జాగా తినేస్తాయి, ఊళ్లోనే పదిమంది చేస్తారు. ఓడ మీద వచ్చే బేరింగు, ఒక్కడే చేసే విడిభాగం అయితే కొంత దగ్గర పెట్టుకోండి. ఎంత పెట్టుకోవాలో చూడాలంటే పోయిన ఏడాది ప్రతి డెలివరీ చెప్పిన తేదీకి ఎన్ని రోజులు లేటో రాసి చూడండి. సగటు చూసి మోసపోవద్దు, ఎక్కువ లేటైనవే మీ లైన్‌ని ఆపేవి.

సప్లయర్: ఆ తేదీల పక్కనే నాకు పేమెంట్ ఏ రోజు పడిందో కూడా రాయండి మేడమ్, రెండూ కలిపి చూస్తే లేటు ఎందుకైందో తెలుస్తుంది.