యాక్ పోతే యాక్ మళ్లీ రాదు: టీసీపీ సీక్వెన్స్ డయాగ్రమ్ చదవడం ఎలా

[తెర మీద: రెండు నిలువు గీతలు, మధ్యలో మూడు ఏటవాలు బాణాలు. మూడో బాణం సగంలో ఆగిపోయింది, కొసన ఎర్రటి ఇంటూ గుర్తు.]

టీసీపీ కనెక్షన్ తెరిచే ఈ బొమ్మ మీరు చూసే ఉంటారు. కనెక్షన్ అడుగుతూ సిన్ వెళ్తుంది, సరేనంటూ సిన్-యాక్ వస్తుంది, మూడోది, అందిందని చెప్పే యాక్, దారిలో పోతుంది. దాని కింద చాలామంది ఏం రాస్తారో తెలుసా? "టైమర్ అయిపోగానే క్లయింట్ యాక్‌ను మళ్లీ పంపుతుంది" అని. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఆ యాక్‌కి టైమర్ అనేదే లేదు. ఉత్త యాక్‌ను టీసీపీ తనంతట తాను మళ్లీ పంపదు.

మరి మళ్లీ పంపేది ఎవరు? అది తెలియాలంటే ఓ చిన్న పని చేయండి. బొమ్మలో సగాన్ని అరచేత్తో మూసేయండి. అవును, నిజంగానే, తెర మీద చెయ్యి పెట్టండి.

[తెర మీద: కుడి సగం మీద చెయ్యి.]

ఇప్పుడు క్లయింట్ గీత ఒక్కటే కనిపిస్తోంది కదా. క్లయింట్‌కి తెలిసేది అంతే. తను ఏం పంపింది, తన దగ్గరికి ఏం వచ్చింది. ఇంటూ గుర్తు బొమ్మ గీసినవాడికి కనిపిస్తుంది గానీ క్లయింట్‌కి కాదు, సర్వర్‌కి కాదు. ప్యాకెట్ పోయిందన్న కబురు ఎవరూ తెచ్చివ్వరు. రావాల్సింది రాలేదని ఎదురుచూసేవాడికి మాత్రమే అనుమానం వస్తుంది.

అంకెలతో చూద్దాం. ఒకవైపు ప్రయాణం 50 మిల్లీసెకన్లు అనుకుందాం.

```
క్లయింట్                          సర్వర్
   0 ms |--- SYN seq=1000 -------->|   50 ms
 100 ms |<-- SYN,ACK seq=5000 -----|   50 ms
        |            ack=1001      |
 100 ms |--- ACK ack=5001 ---X     |
```

చెయ్యి కుడివైపే ఉంచండి. క్లయింట్ సిన్ పంపింది, 100 దగ్గర జవాబు అందింది, యాక్ పంపేసింది. దాని లెక్కలో కనెక్షన్ అయిపోయింది, ఇక దేనికోసమూ ఎదురుచూడటం లేదు. చెయ్యి ఎడమవైపుకి మార్చండి. సర్వర్ 50 దగ్గర సిన్-యాక్ పంపింది, దానికి యాక్ రావాలి, రాలేదు. అంటే టైమర్ నడుస్తున్నది సర్వర్ దగ్గర. పోయింది క్లయింట్ పంపిన ప్యాకెట్, మళ్లీ పంపేది మాత్రం సర్వర్! మొదటి గడువు మామూలుగా 1 సెకను కాబట్టి 1050 దగ్గర సిన్-యాక్ మళ్లీ బయల్దేరుతుంది, 1100కి క్లయింట్‌కి చేరుతుంది. దాన్ని చూశాకే క్లయింట్ ఇంకో యాక్ పంపుతుంది. దాన్ని అడిగితే పలికినట్టు అనుకోండి, గుర్తుపెట్టుకుని మళ్లీ పంపినట్టు కాదు.

ఇక్కడే నాకు బాగా నచ్చిన మలుపు ఉంది. చాలా ప్రోటోకాల్స్‌లో ముందు మాట్లాడేది క్లయింటే. వెబ్ రిక్వెస్ట్ అయితే యాక్ వెనకాలే, 101 దగ్గర డేటా బయల్దేరుతుంది. ఆ డేటా ప్యాకెట్‌లో కూడా ack=5001 ఉంటుంది. అది 151కి చేరగానే సర్వర్ సంతృప్తి పడిపోతుంది. ఒక ప్యాకెట్ పోయింది, ఎవరూ ఏదీ మళ్లీ పంపలేదు, ఎవరికీ ఆ సంగతి తెలియను కూడా తెలియదు. బొమ్మలో ఇంటూ ఉండి, కింద రీట్రై బాణం లేకపోతే "గీసినవాడు మర్చిపోయాడు" అనుకోకండి. ఆ బొమ్మ కరెక్టే.

అదే మెయిల్ పంపే ఎస్ఎమ్‌టీపీ తీసుకోండి. అక్కడ ముందు పలకరించాల్సింది సర్వర్, 220 అంటూ. క్లయింట్ నోరు మూసుకుని కూర్చుంటుంది. కాబట్టి అదే ఒక్క యాక్ పోతే దాదాపు ఒక సెకను వృథా. ఒకే ఇంటూ, ఒకే చోట, ఫలితం మాత్రం వేరు.

ఇప్పుడు ఇంటూని ఒక మెట్టు పైకి జరుపుదాం. సిన్-యాక్ పోయింది.

[తెర మీద: రెండో బాణం మీద ఇంటూ.]

కుడివైపు మూయండి: సిన్ వెళ్లింది, జవాబు లేదు. 1000 దగ్గర క్లయింట్ సిన్‌ను మళ్లీ పంపుతుంది, అదే seq=1000తో. ఎడమవైపు మూయండి: సర్వర్‌కి కూడా యాక్ రాలేదు, దాని టైమర్ 1050కి మోగుతుంది. రెండో సిన్ సర్వర్‌కి చేరేదీ సరిగ్గా 1050కే. అందుకే ఈ బొమ్మలో సిన్-యాక్‌లు రెండు కనిపించినా కంగారు పడొద్దు. ఒకటి టైమర్ పంపింది, ఒకటి రెండో సిన్‌కి జవాబు. అదనంగా వచ్చినదాన్ని క్లయింట్ ఇంకో యాక్‌తో సరిపెట్టేస్తుంది.

మరి అసలు మొదటి సిన్నే పోతే? కుడివైపు మూసి చూడండి. క్లయింట్ గీత మీద ఏం మారింది? జవాబు అందేదాకా ఏమీ మారలేదు! సిన్ పోయినా, సిన్-యాక్ పోయినా అప్పటిదాకా క్లయింట్‌కి ఒకేలా ఉంటుంది. అందుకే క్లయింట్ మెషీన్‌లో మాత్రమే క్యాప్చర్ తీసి "సర్వర్ జవాబివ్వట్లేదు" అని తేల్చేసేవాళ్లతో నాకు పేచీ. ఆ సిన్ సర్వర్ దాకా వెళ్లిందో లేదో మీకు తెలియదు. రెండు చివర్లలోనూ ఇది నడపండి:

```
tcpdump -n -ttt 'tcp[tcpflags] & (tcp-syn|tcp-fin) != 0'
```

ఆ `-ttt` వల్ల ప్రతి లైనుకీ ముందు లైనుతో తేడా కనిపిస్తుంది. ఒకే సీక్వెన్స్ నంబర్‌తో సిన్‌లు 1, తర్వాత 2, తర్వాత 4 సెకన్ల ఎడంతో వస్తుంటే అవి రీట్రైలే. లినక్స్‌లో `tcp_syn_retries` డీఫాల్ట్ 6. ఇలా రెట్టింపవుతూ పోతే చేతులెత్తేసేసరికి 127 సెకన్లు పడుతుంది. కొత్త కెర్నెళ్లలో మొదటి కొన్ని ప్రయత్నాలు రెట్టింపు కాకుండా సెకనుకొకటి చొప్పున వెళ్తాయి, కాబట్టి ఎడం అలా కనిపించినా ఆశ్చర్యపోకండి.

టైమ్ అయిపోతోంది, కనెక్షన్ మూసే భాగం గబగబా చూసేద్దాం.

[తెర మీద: ఫిన్, యాక్, ఫిన్, యాక్.]

ఫిన్ అంటే నా వైపు నుంచి ఇక పంపేదేమీ లేదని చెప్పడం, దాన్ని ముందు పంపేది క్లయింట్ అనుకుందాం. బాణాలు నాలుగు. సర్వర్ తన యాక్‌నీ ఫిన్‌నీ కలిపి పంపితే మూడే ఉంటాయి, అది కూడా సరైనదే. సిన్ లాగే ఫిన్ కూడా ఒక సీక్వెన్స్ నంబర్ తినేస్తుంది, అంటే దానికి యాక్ కావాలి, రాకపోతే రీట్రై ఉంటుంది. చివరి యాక్ పోయిందనుకోండి. మళ్లీ చెయ్యి పెట్టండి. ఎదురుచూసేది ఎవరు? సర్వర్. అది తన ఫిన్‌ను మళ్లీ పంపుతుంది. ఈసారి ఒక సెకను గడువు కాదు, అప్పటిదాకా కొలిచిన రానుపోను సమయాన్ని బట్టి ఉంటుంది. ఆ ఫిన్ వచ్చేసరికి జవాబివ్వడానికి క్లయింట్ మిగిలి ఉండాలి కదా, అందుకే మూసేశాక కూడా కాసేపు ఆగే `TIME-WAIT` స్థితి. లినక్స్‌లో అది 60 సెకన్లు. దాన్ని దోషంలా చూసి తీసేయాలనుకునేవాళ్లు ఈ బాణం గీసి చూడాలి. క్లయింట్ అప్పటికే అన్నీ మర్చిపోయి ఉంటే, వచ్చిన ఫిన్‌కి రీసెట్ వెళ్తుంది. సర్వర్ వైపు మామూలుగా ముగియాల్సింది ఎర్రర్‌గా ముగుస్తుంది.

చివరిగా `CLOSE-WAIT`. దీన్ని ప్యాకెట్ పోయిన కేసుగా లెక్కేసి నెట్‌వర్క్ వాళ్లని తిట్టేవాళ్లున్నారు. ఎదుటివాళ్ల ఫిన్ వచ్చింది, యాక్ వెళ్లింది, ఇక మన ఫిన్ వెళ్లాలి. దాని మీద ఇంటూ లేదు, ఎందుకంటే అసలు బాణమే లేదు. ప్రోగ్రామ్ `close()` పిలవలేదు. `ss -tanp state close-wait` కొడితే ఏ ప్రాసెస్సో పేరు కనిపిస్తుంది, కోడ్ అక్కడ తెరవండి.