మంచం నుంచి బాత్రూమ్ దాకా పంతొమ్మిది అడుగులు

హోస్ట్: నమస్కారమండీ. ఈసారి మా ఇంటి సంగతే చెప్తాను. మా పెద్దమ్మకి 74 ఏళ్లు. గజపతినగరం దగ్గర పల్లెలో ఒక్కర్తే ఉంటాది. పిల్లలిద్దరూ హైదరాబాదులో. మొన్న వానాకాలంలో తెల్లారుజామున మూడింటికి పెరట్లో బాత్రూమ్‌కి వెళ్లి పడిపోయింది. తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక విజయనగరం నుంచి ఫిజియోథెరపిస్ట్ మేడమ్ ఇంటికొచ్చి నడిపించారు. ఆవిడే ఇప్పుడు మనతో ఉన్నారు. మేడమ్, మీరొచ్చిన మొదటి రోజు పెద్దమ్మని చూడకముందే మంచం దగ్గర్నుంచి అడుగులు లెక్కెట్టేరు, గుర్తుందా?

ఫిజియో: గుర్తుంది. పంతొమ్మిది. ఇల్లంతా మార్చాలంటే ఎవరి వల్లా కాదు కదండీ. రాత్రి నిద్రమత్తులో ఆవిడ నడిచే దారి అదొక్కటే. ముందు దాన్ని చూస్తే చాలు.

హోస్ట్: ఆవిడేమో "నాకేటీ అవ్వలేదురా, కాలు జారిపోనాది అంతే" అంటాది.

ఫిజియో: అందరూ అదే అంటారు. కానీ నేను అడిగితే ఏం చెప్పారు? లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మాయి, గోడ పట్టుకుందామంటే అందలేదు అని. అంటే పడటం మంచం దగ్గరే మొదలైంది, పెరట్లో పూర్తయింది. పడుకున్నప్పుడు ఒంట్లో రక్తం సమంగా ఉంటుంది. లేవగానే కాళ్లలోకి దిగుతుంది. వయసులో ఉన్నవాళ్లకి నరాలు క్షణాల్లో సర్దేస్తాయి. పెద్దవాళ్లకి ఆ సర్దుబాటు మందగిస్తుంది. పైగా ఆవిడ రాత్రి బీపీ మాత్ర వేసుకుంటున్నారు, నిద్ర మాత్ర కూడా.

హోస్ట్: మీరు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు.

ఫిజియో: అవును. ఐదు నిమిషాలు కదలకుండా పడుకున్నాక చూస్తే పై అంకె 138. నిలబెట్టాక ఒక నిమిషానికి 112. మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే అది లెక్కలోకి తీసుకోవాల్సిందే. ఇంట్లో మిషన్ ఉన్నవాళ్లు ఎవరైనా చూడొచ్చు, కాకపోతే పక్కన ఒక మనిషి నిలబడాలి. ఆ అంకెలు కాగితం మీద రాసి డాక్టరుకి చూపించాలి. మాత్ర మీరే మానేయడం మాత్రం వద్దు. ఆవిడకైతే డాక్టరు గారు చూసి బీపీ మాత్ర వేళ మార్చారు, నిద్ర మాత్ర మెల్లగా తగ్గించారు.

హోస్ట్: మరి లేవడం?

ఫిజియో: మంచం అంచున కూచుని పాదాలు పైకీ కిందకీ పదిసార్లు ఆడించాలి. పిక్కలు రక్తాన్ని పైకి తోస్తాయి. తర్వాత ఏదైనా గట్టిగా పట్టుకుని నిలబడి, తల తిరగట్లేదని తెలిశాకే అడుగెయ్యాలి. ఆవిడది నులక మంచం, మధ్యలో కుంగిపోయింది. మోకాళ్లు తుంటి కన్నా పైకొచ్చేస్తే లేవడానికి ఒక్క ఊపు కావాలి. ఆ ఊపులోనే తూలతారు.

హోస్ట్: చెక్క మంచం వేశాం. దానికి ఆవిడ నాతో వారం మాట్లాడలేదు.

ఫిజియో: (నవ్వు) తర్వాత గడప. ఆ గడపకి పసుపు రాసి ముగ్గెయ్యడం వల్ల చీకట్లో కూడా కొంచెం కనపడుతుంది, అది మంచిదే. అసలు చిక్కు దాని తర్వాత మెట్టుతో. వసారా నుంచి పెరట్లోకి జానెడు దిగుడు. పైనా కిందా ఒకే బూడిద రంగు గచ్చు. ముసలి కంటికి ఆ అంచు తెలీదు. అరవై దాటిన కంటికి, ఇరవయ్యేళ్ల కంటితో పోలిస్తే మూడు రెట్ల వెలుగు కావాలంటారు. మెట్టు అంచుకి మూడు వేళ్ల వెడల్పున పసుపుపచ్చ పెయింటు పట్టీ వేయించాం. కరెంటు పోయినా వెలిగే రీచార్జ్ బల్బు ఒకటి పెట్టించాం. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు శ్రీకాకుళం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి కదా, మన వైపు ఇది తప్పనిసరి.

హోస్ట్: ఇక బాత్రూమ్.

ఫిజియో: గుమ్మం ముందు పాచి. వానాకాలంలో వారానికోసారి బ్లీచింగ్ పౌడరు చల్లి గట్టి చీపురుతో రుద్దాల్సిందే. లోపల నున్నటి టైల్స్, వాటి మీద సబ్బునీళ్లు. ఆవిడ అరిగిపోయిన హవాయి చెప్పులతో వెళ్లేవారు. అవి తడిస్తే సబ్బుబిళ్లతో సమానం. పడబోతూ పట్టుకున్నదేమో టవల్ రాడ్డు. అది తువ్వాలు మొయ్యడానికి బిగించింది, మనిషిని కాదు. ఊడొచ్చేసింది.

హోస్ట్: ఆ రెండు మేకులు ఇంకా గోడకి వేలాడుతున్నాయి అప్పుడు.

ఫిజియో: అందుకే పిడికిలికి సరిపడే మందం స్టీలు రాడ్డు, అంగుళంన్నర లోపు, గోడలోకి బోల్టులతో దించమన్నాను. నేల నుంచి మూడడుగుల లోపు ఎత్తు. బిగించాక మీలాంటివాళ్లు వేలాడి చూడాలి. గాలితో అతుక్కునే రాడ్లు అమ్ముతారు, వాటిని నమ్మొద్దు.

హోస్ట్: తలుపు సంగతి చెప్పండి. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే.

ఫిజియో: లోపల గడియ పెట్టుకున్నారు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది, ఆవిడ దానికి అడ్డంగా పడున్నారు. ఐదున్నరకి పాలబ్బాయి మూలుగు విని పదిమందిని పిలిచినా తలుపు తోస్తే ఆవిడకే తగులుతుంది. రెండున్నర గంటలు తడి నేల మీద. పెద్దవాళ్లు గంట దాటి కదలకుండా పడుంటే ఒత్తుకున్న కండ చితికి కిడ్నీలకి దెబ్బ, ఒళ్లు చల్లబడటం, ఊపిరితిత్తుల్లో నిమ్ము, ఇవన్నీ మొదలవుతాయి. దెబ్బ చిన్నదైనా సరే. తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పించి, గడియ తీసేసి కర్టెన్ లాంటి గుర్తు పెట్టుకుంటే చాలు. ఒంటరిగా ఉండే ఆవిడకి లోపల గడియెందుకు?

హోస్ట్: బయటికి తీశాక చూస్తే ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. పక్కింటాయన నూనె రాసి లాగి కట్టు కట్టిస్తానన్నాడు.

ఫిజియో: మీరు ఒప్పుకోకపోవడం ఆవిడ అదృష్టం. అది తుంటి విరిగిన గుర్తే. ఒక్కోసారి విరిగిన ముక్కలు ఒకదాన్లో ఒకటి గుచ్చుకుని, గజ్జలో నొప్పితోనే నాలుగడుగులు నడిచేస్తారు కూడా. నడిచారు కాబట్టి విరగలేదనుకోకూడదు. పలక లాంటిదాని మీద కదలకుండా తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాలి. ఒంటి పరిస్థితి బాగుంటే రెండు రోజుల్లోపు ఆపరేషన్ చేయించడం మేలు. ఎందుకంటే చంపేది ఎముక కాదండీ, మంచం. పడుకున్న కొద్దీ కండ కరుగుతుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, నిమ్ము చేస్తుంది. ఈ వయసులో తుంటి విరిగినవాళ్లలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండా పోతున్నారు.

హోస్ట్: తలకి తగిలితే?

ఫిజియో: రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లయితే బాగానే ఉన్నా ఆస్పత్రికి వెళ్లాలి. తలలో నెమ్మదిగా కారే రక్తం కొన్ని వారాలకి మగతగానో, నడక తేడాగానో బయటపడుతుంది.

హోస్ట్: ఇప్పుడు ఆవిడ నడుస్తోంది. కానీ భయం. కుర్చీలోంచి లేవదు.

ఫిజియో: ఆ భయమే రెండోసారి పడేస్తుంది. కూచుంటే తొడల బలం పోతుంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోతే బలం తగ్గినట్టే. గోడకి ఆనించిన కుర్చీలో, పక్కన మనిషుండగా, పొద్దున ఐదుసార్లు, సాయంత్రం ఐదుసార్లు లేచి కూచోబెట్టండి. మొదట చేతులు ఆనించనివ్వండి.

హోస్ట్: ఒక ఫిర్యాదు మేడమ్. మొన్న వెళ్తే ఆ స్టీలు రాడ్డు మీద తడి చీర ఆరేసి ఉంది.

ఫిజియో: (నవ్వు) ఆవిడని తిట్టకండి, ఆరేసుకోడానికి అక్కడ ఇంకేం లేదు. ఎదురు గోడకి ఒక దండెం కట్టండి, భుజం ఎత్తులో. రేపే కట్టండి.