గుడ్‌విల్ ఎక్కడ పుడుతుంది, ఎక్కడ దాక్కుంటుంది?

శ్రీకాకుళం జిల్లాలో కామర్స్ చదువుతున్న మీకు పలాస జీడిపప్పు గురించి నేను చెప్పనక్కరలేదు. అక్కడి నుంచే ఒక ఊహా లెక్క తీసుకుంటాను. పలాసలోని ఒక జీడిపప్పు కంపెనీకి పుస్తకాల ప్రకారం నికర ఆస్తులు 30 కోట్లు. ఒక పెద్ద ఆహార సంస్థ దాన్ని 50 కోట్లకు కొన్నది.

తేడా 20 కోట్లూ గుడ్‌విల్ అని రాసేయడానికి వీల్లేదు. భారతీయ అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 103 ప్రకారం ముందు ప్రతి ఆస్తికీ, అప్పుకూ కొన్ననాటి సరసమైన విలువ కట్టాలి. స్థలం, యంత్రాల విలువ 6 కోట్లు పెరిగింది. పుస్తకాల్లో ఎన్నడూ కనిపించని బ్రాండు 4 కోట్లని తేలింది. డిఫర్డ్ ట్యాక్స్‌ను ఇవాళ్టికి పక్కన పెడదాం. నికర ఆస్తులు 40 కోట్లయ్యాయి, మిగిలిన 10 కోట్లే గుడ్‌విల్. గుండు విరగకుండా పప్పు తీసే పనివారి నేర్పు, రెండు వ్యాపారాలు కలిస్తే వస్తుందనుకున్న లాభం, బేరంలో ఎక్కువ పోసిన సొమ్ము అన్నీ అందులోనే ఉంటాయి. ఆ చివరిదాన్ని మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

యంత్రానికి ఆయుష్షు ఉంటుంది కాబట్టి ఏటా తరుగు రాస్తాం. ఇండ్ ఏఎస్ కింద గుడ్‌విల్‌కు తరుగు లేదు. బదులుగా ఇండ్ ఏఎస్ 36 ఏటా పరీక్ష పెట్టమంటుంది. గుడ్‌విల్ ఒంటరిగా డబ్బు తేలేదు, అందుకే అది చేరిన వ్యాపార విభాగం మొత్తాన్ని పరీక్షిస్తారు.

రెండేళ్లకు ముడి గింజల ధర పెరిగింది, ఆర్డర్లు తగ్గాయి. పలాస విభాగం పుస్తక విలువ గుడ్‌విల్‌తో కలిపి 48 కోట్లు. నడుపుకుంటే వచ్చే నగదు నేటి విలువలో 41 కోట్లు, ఖర్చులు పోను అమ్మితే 39 కోట్లు. రెండింటిలో ఎక్కువదే అసలు విలువగా తీసుకోవాలి, అంటే 41. నష్టం 7 కోట్లు. అది ముందు గుడ్‌విల్‌కే తగులుతుంది, 10 కాస్తా 3 అవుతుంది. రేపు మార్కెట్ కోలుకున్నా ఆ 7 కోట్లు తిరిగి రాయకూడదు. తిరిగి పెరిగిందని చెప్పేది కొన్న గుడ్‌విలా, తర్వాత సొంతంగా సంపాదించుకున్నదా అన్నది విడదీయలేం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. పలాస కంపెనీని కొన్న ఆహార సంస్థకు విశాఖలో సొంత విభాగం ఉంది. దాని పుస్తక విలువ 60 కోట్లు, అసలు విలువ 80. పలాస, విశాఖ విభాగాలను ఒకే గుంపుగా పరీక్షిస్తే పుస్తక విలువ 108, అసలు విలువ 121. నష్టం మాయం! పలాస వ్యాపారం మాత్రం ఏమీ బాగుపడలేదు. కలయిక వల్ల మేలు పొందే విభాగాలకు, యాజమాన్యం గుడ్‌విల్‌ను గమనించే అతి చిన్న స్థాయిలో పంచాలని, ఆ గుంపు ఆపరేటింగ్ సెగ్మెంటును మించకూడదని నిబంధన ఉంది. ఆ హద్దుల్లోనే ఇంత చోటు దొరుకుతుంది.

కాబట్టి వార్షిక నివేదికలో గుడ్‌విల్ మొత్తం చూసి ఆగిపోవద్దు. అది ఏ విభాగంలో ఉంచారో, ఎంత డిస్కౌంట్ రేటు, ఎంత వృద్ధి రేటు వేశారో నోట్‌లో చదవండి. పోయినేడు ఒక గుంపు, ఈ ఏడు ఇంకొకటి కనిపిస్తే, విభాగాలను ఎందుకు మార్చారని అడగండి.